రిపోర్ట్ రాకముందు ఎక్స్-రే ఫోటో చూసి ఎంతవరకు చెప్పవచ్చు

"అమ్మకి 52 ఏళ్లు. మూడు వారాల నుంచి దగ్గు, సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోంది. శుక్రవారం ఛాతీ ఎక్స్-రే తీయించాం. డాక్టర్ గారు ఊళ్లో లేరు, రిపోర్ట్ సోమవారం ఇస్తామన్నారు. ఫిల్మ్‌ని ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుని ఫోటో తీసి పెడుతున్నాను. కుడి వైపు పైన తెల్లగా మచ్చలా ఉంది. టీబీయా, క్యాన్సరా? అమ్మకి ఇంకా చెప్పలేదు, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

ఉన్నది ఉన్నట్టు అడిగారు కాబట్టి ముందు ఆ మాటే చెబుతాను. ఈ ఒక్క ఫోటో చూసి టీబీ అని చెప్పలేను, క్యాన్సర్ అనీ చెప్పలేను, ఏమీ లేదనీ చెప్పలేను. ఈ మూడింటిలో ఏది ఎవరు తేల్చి చెప్పినా దాన్ని పట్టుకుని రెండు రోజులు గడపకండి. నేను కోస్తా వైపు ఒక టౌన్లో ఇరవై రెండేళ్లుగా రేడియాలజిస్టుగా పని చేస్తున్నాను. రోజూ చూసేవాటిలో ఛాతీ ఎక్స్-రేలే ఎక్కువ. ఆ అనుభవంతో ఈ ఫోటోలో చదవదగినవి కొన్ని కనిపిస్తున్నాయి. అందులో ఒకటి మీ భయాన్ని కొంత తగ్గించవచ్చు. సోమవారం దాకా ఆగకుండా మీరు చేయాల్సిన పని కూడా ఒకటుంది. ఆ పనికి ఈ ఫోటోలో మచ్చ ఉందా లేదా అన్నదాంతో సంబంధం లేదు.

ముందు వైపు సంగతి చూద్దాం. మీరు "కుడి వైపు పైన" అన్నారు. ఛాతీ ఎక్స్-రేని మనిషి మనకి ఎదురుగా నిలబడినట్టు పెట్టుకుని చూస్తాం. అంటే మీ కుడి చేతి వైపు ఉన్నది అమ్మగారి ఎడమ వైపు. మీ ఫోటోలో ఎడమ మూలన, పైన, 'ఆర్' అన్న ఇంగ్లిష్ అక్షరం తెల్లగా ఉంది చూడండి. అది టెక్నీషియన్ పెట్టే గుర్తు, పేషెంట్ కుడి వైపు అని అర్థం. ఫిల్మ్‌ని వెనక నుంచి ఫోటో తీస్తే ఆ అక్షరం తిరగబడి కనిపిస్తుంది. ఇక్కడ సరిగ్గానే ఉంది, గుండె కొన కూడా ఫోటోలో కుడి వైపుకే తిరిగి ఉంది. కాబట్టి ఫిల్మ్ సరైన వైపు నుంచే తీశారు, మచ్చ ఉన్నది అమ్మగారి ఎడమ వైపు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, రేపు ఎవరికైనా ఫోన్లో "కుడి ఊపిరితిత్తిలో మచ్చ" అని చెబితే అక్కడి నుంచి అన్నీ తప్పుతోవ పడతాయి.

ఇప్పుడు ఆ మచ్చ దగ్గరికి వద్దాం. ఫోటోని పెద్దది చేసి, ఆ తెలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో వేలితో గీసుకుంటూ వెళ్లండి. కింద రెండో పక్కటెముక దగ్గర మొదలైంది. పైకి వెళ్తూ కాలర్ ఎముకని దాటింది. దాటి అక్కడ ఆగలేదు, మెడ పక్కనున్న కండ మీదుగా ఇంకా పైకి, ఫిల్మ్ అంచుదాకా పోయింది. ఊపిరితిత్తి పై కొన కాలర్ ఎముక లోపలి భాగానికి రెండు మూడు సెంటీమీటర్లు పైకి మాత్రమే వస్తుంది. ఆ పైన ఊపిరితిత్తే లేదు. ఊపిరితిత్తిలో ఉన్న జబ్బు ఊపిరితిత్తి గీత దాటి మెడలోకి అలా నిటారుగా పట్టీలా సాగదు. ఇంకొంచెం దగ్గరగా చూస్తే ఆ పట్టీ లోపల సన్నటి గీతలు, పాయలు అల్లినట్టు, ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తున్నాయి.

అది జడ అయ్యే అవకాశం బాగా ఉంది.

మన దగ్గర ఆడవాళ్ల ఎక్స్-రేల్లో ఇది కొత్త కాదు. జడ ముందుకు పడి భుజం మీద ఉన్నప్పుడు ఎక్స్-రే తీస్తే ఊపిరితిత్తి పై భాగం మీద తెల్లటి నీడ పడుతుంది. తల స్నానం చేసి వచ్చి జుట్టు తడిగా ఉంటే ఆ నీడ ఇంకా చిక్కగా ఉంటుంది. సరిగ్గా టీబీ ఎక్కువగా వచ్చే చోటే పడుతుంది కాబట్టి కొత్తగా చూసేవాళ్లు కంగారు పడతారు. అందుకే మా టెక్నీషియన్లు "అమ్మా, జడ పైకి ముడి వేసుకోండి, గొలుసు తీసేయండి" అని ప్రతిసారీ చెబుతారు. రద్దీ ఉన్న రోజు ఆ మాట తప్పిపోతుంది. మెడలో తాయెత్తు, రవికె హుక్కు, జాకెట్టుకి పెట్టుకున్న పిన్నీసు కూడా ఇలాగే పడతాయి గానీ, లోహం ముత్యంలా తెల్లగా, అంచు పదునుగా ఉంటుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టడం తేలిక. జుట్టు నీడ మెత్తగా ఉండి ఊపిరితిత్తి నీడలో కలిసిపోతుంది.

అమ్మగారిని ఒక మాట అడగండి: ఎక్స్-రే తీసేటప్పుడు జుట్టు ముడి వేసుకున్నారా, వదిలేశారా? జడ ముందుకుందని ఆవిడ చెబితే నా అనుమానం బలపడుతుంది. అంతవరకే. జడ నీడ కింద నిజంగా ఒక చిన్న మచ్చ దాగి ఉండవచ్చు, జడ దాన్ని కప్పేసి ఉండవచ్చు. కాబట్టి "జడే కదా" అని వదిలేయకుండా జుట్టు పైకి కట్టి ఎక్స్-రే మళ్లీ తీయించాలి. ఒక ఛాతీ ఎక్స్-రేలో పడే రేడియేషన్ మనకి ప్రకృతి నుంచి కొద్ది రోజుల్లో ఎలాగూ అందేంత మాత్రమే, దానికి భయపడనక్కర్లేదు. సీటీ స్కాన్‌లో అది పదుల రెట్లు ఎక్కువ. ఒక ఎక్స్-రే మళ్లీ తీస్తే తేలిపోయే విషయానికి నేరుగా సీటీకి పరుగెత్తవద్దని నేననేది అందుకే.

ఫోటోలో నేను చూసిన రెండో విషయం ఊపిరి. ఛాతీ ఎక్స్-రే తీసేటప్పుడు గట్టిగా గాలి పీల్చి ఆపమంటారు. సరిగ్గా పీల్చారో లేదో ఫిల్మ్ మీదే లెక్కపెట్టవచ్చు. వీపు వైపు పక్కటెముకలు ఇంచుమించు అడ్డంగా ఉంటాయి. పైనుంచి లెక్కపెడుతూ వస్తే ఊపిరితిత్తి కింద ఉండే గోపురంలాంటి గీతకి, అంటే డయాఫ్రమ్‌కి, పైన తొమ్మిదో పదో కనపడాలి. మీ ఫోటోలో ఏడు దాటడం లేదు. దగ్గుతో ఉన్న మనిషి గాలి నిండా పీల్చలేదు, అది సహజం. కానీ దానివల్ల కింది భాగంలో రక్తనాళాలు దగ్గరగా నొక్కుకుని తెల్లగా కనిపిస్తాయి, గుండె ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది. మీరు అడగలేదు గానీ, మీ పోస్టు కింద ఎవరో "గుండె పెద్దదైనట్టుంది, ఎకో తీయించండి" అని రాశారు. ఈ ఊపిరితో తీసిన ఫిల్మ్ మీద ఆ మాట అనకూడదు. గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో సగం దాటితే పెద్దదంటాం. అది కూడా పేషెంట్ నిలబడి, ఛాతీని ప్లేట్‌కి ఆనించి, దాదాపు ఆరడుగుల దూరం నుంచి వెనకవైపుగా తీసినప్పుడు, గాలి బాగా పీల్చినప్పుడు మాత్రమే. మంచం మీద ముందు నుంచి తీస్తే గుండె ఫిల్మ్‌కి దూరమై, ట్యూబ్‌కి దగ్గరై, నీడ పెద్దదవుతుంది. దీపం దగ్గర చెయ్యి పెడితే గోడ మీద నీడ పెద్దదవదూ, అలా.

మూడోది మీ ఫోటో సంగతి. ఫిల్మ్ మధ్యలో ట్యూబ్‌లైట్ పొడుగ్గా మెరుస్తోంది. కుడి ఊపిరితిత్తి కింద కనిపించే ఆ తెల్లచార జబ్బు కాదు, దీపం. పైగా అమ్మగారి ఎడమవైపు కింది మూల ఫోటోలో తెగిపోయింది.

ఆ తెగిపోయిన మూల గురించి కొంచెం ఆగి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా దగ్గరి బంధువు ఒకాయన ఇలాగే వాట్సాప్‌లో ఫోటో పంపారు. రాత్రి పది దాటింది. "ఒక్కసారి చూసి చెప్పు, నిద్ర పట్టట్లేదు" అన్నారు. చూశాను, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. "ఏం లేదు, పడుకోండి" అన్నాను. ఆ ఫోటోలో కింది మూల కత్తిరించి ఉందని నేను పట్టించుకోలేదు. ఛాతీలో నీరు చేరితే నిలబడిన మనిషిలో ముందుగా చేరేది ఆ మూలకే. మామూలు ఎక్స్-రేలో ఆ మూల మొద్దుబారినట్టు కనిపించాలంటేనే రెండు వందల మిల్లీలీటర్ల వరకు నీరు ఉండాలి. ఆయనకి అక్కడే నీరుంది. నా మాట నమ్మి ఆయన పది రోజులు డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. ఆయాసం వచ్చాక వెళ్తే సిరంజితో నీరు తీసి పరీక్షించి టీబీ అని తేల్చారు. మందులతో పూర్తిగా కోలుకున్నారు, అది మా అదృష్టం. కానీ ఆ పది రోజులు నా మాట వల్ల పోయాయి. అప్పటినుంచి ఫోటో చూసి "ఏమీ లేదు" అని ఎవరికీ చెప్పను. కనిపించింది మాత్రం చెబుతాను, కనిపించనిది ఎక్కడెక్కడ దాక్కుని ఉండవచ్చో కూడా చెబుతాను.

ఫోటో అనే కాదు, అసలు ఫిల్మ్‌లోనూ దాక్కునే చోట్లు ఉంటాయి. గుండె వెనక కొంత ఊపిరితిత్తి ఉంటుంది. డయాఫ్రమ్ గోపురం వెనక, కిందికి దిగి ఇంకొంత ఉంటుంది. కాలర్ ఎముక, మొదటి పక్కటెముక కలిసే చోట చిన్న గడ్డ ఉంటే అనుభవమున్న కన్నే జారిపోతుంది. 1940ల చివర్లో అమెరికాలో గార్లాండ్ అనే రేడియాలజిస్టు ఛాతీ ఫిల్ములు చదవడంలో జరిగే పొరపాట్లను లెక్కగట్టారు. జబ్బు కనిపించే ఫిల్ముల్లో దాదాపు మూడో వంతు దాకా చదివేవాళ్లు వదిలేస్తున్నారని తేలింది. ఇప్పుడు యంత్రాలు మారాయి గానీ ఆ బలహీనత పూర్తిగా పోలేదు. సరైన ఫిల్మ్, చీకటి గది, మంచి మానిటర్ ముందు పెట్టుకున్నవాళ్లకే ఆ పరిస్థితి ఉంటే, ఫోన్లో చూసి తీర్పు చెప్పడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. ఎక్స్-రే తెలుపు నలుపుల్లో ఉంటుంది కానీ, ఆ తెలుపుకి జబ్బు పేరు ఉండదు. గాలి నల్లగా పడుతుంది. కొవ్వు కొంచెం బూడిదగా, నీరూ కండా తెల్లబూడిదగా, ఎముక తెల్లగా, లోహం ఇంకా తెల్లగా పడతాయి. అంతే, ఈ ఐదు మెట్లే. ఊపిరితిత్తిలో గాలి ఉండాల్సిన చోట చీము చేరినా, రక్తం చేరినా, నీరు చేరినా, గడ్డ పెరిగినా, అన్నీ ఆ 'నీరూ కండా' మెట్టులోనే పడతాయి. వాటి తెలుపు ఒక్కటే. ఎక్కడుంది, అంచు ఎలా ఉంది, పక్కనున్నవాటిని లాక్కుంటోందా నెట్టేస్తోందా అని చూసి మేం ఊహిస్తాం. దానికి తోడు వయసు, దగ్గు ఎన్నాళ్ల నుంచి, జ్వరం ఉందా, బరువు తగ్గారా, షుగర్ ఉందా, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా, కట్టెల పొయ్యి మీద వండేవారా, పొగాకు అలవాటుందా, ఇవన్నీ కలిపి చూస్తాం. అప్పటికీ మాకు మిగిలేవి రెండు మూడు అవకాశాలు. ఆ మూడింట్లో ఏదో తేల్చేది వేరే పరీక్ష.

ఈ సమస్యలో పాత ఎక్స్-రేకి ఉన్న విలువ చాలామందికి తెలియదు. మా దగ్గరికి ఒకాయన వచ్చారు, కుడి ఊపిరితిత్తి పైన గట్టి గీతలు, అక్కడక్కడ సున్నం పేరుకున్న చుక్కలు. చూడగానే టీబీ మచ్చ. వేరే చోట ఆ ఫోటో చూసి మందులు మొదలుపెట్టమన్నారట. ఆయన అటక మీద వెతికితే పదకొండేళ్ల నాటి ఎక్స్-రే దొరికింది. గీతకి గీత, చుక్కకి చుక్క, రెండూ ఒక్కటే. అప్పుడెప్పుడో టీబీకి పూర్తి కోర్సు వాడారు, నయమైంది, మచ్చ మిగిలింది. గాయం మానినా మచ్చ పోనట్టే, ఆయన ఎక్స్-రే జన్మంతా అలాగే ఉంటుంది. కళ్లె పరీక్ష కూడా చేయించాం, సూక్ష్మక్రిమి లేదు. ఒక్క ఫిల్మ్‌లో ఇది కొత్తదా పాతదా అన్నది తెలియదు, రెండు ఫిల్ములు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. అమ్మగారికి ఎప్పుడైనా, ఏ ఆపరేషన్‌కి ముందైనా, ఛాతీ ఎక్స్-రే తీసి ఉంటే ఆ కవరు వెతకండి. సోమవారం తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

ఇప్పుడు సోమవారం దాకా ఆగనక్కర్లేని పని. దగ్గు రెండు వారాలు దాటితే ఎక్స్-రే ఎలా ఉన్నా టీబీకి కళ్లె పరీక్ష చేయించాలి. మీ అమ్మగారికి మూడు వారాలైంది, సాయంత్రం జ్వరం కూడా ఉంది. కాబట్టి ఆ మచ్చ జడ అయినా, ఇంకేదైనా, ఈ పరీక్ష తప్పదు. ప్రభుత్వాసుపత్రుల్లో జాతీయ టీబీ నిర్మూలన కార్యక్రమం కింద ఇది ఉచితం. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి, లేదా మీ ఆశా కార్యకర్తని అడిగితే ఎక్కడ చేస్తారో చెబుతారు. సీబీనాట్ అనీ ట్రూనాట్ అనీ రెండు రకాల యంత్రాలున్నాయి. ట్రూనాట్ మన దేశంలోనే, గోవాలో తయారైంది. రెండూ కళ్లెలో టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతుకుతాయి. యంత్రంలో పెట్టాక రెండు గంటల అటూ ఇటూలో ఫలితం వస్తుంది. ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కి క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ఏ ఎక్స్-రే కూడా మీకు ఈ సంగతి చెప్పలేదు.

ఈ పరీక్ష చెడిపోయేది ఎక్కువగా యంత్రం దగ్గర కాదు, డబ్బా దగ్గర. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. చాలామంది అందులో ఉమ్మి వేసి ఇచ్చేస్తారు, నురగలా, నీళ్లలా ఉంటుంది. దాంట్లో ఏమీ దొరకదు, ఫలితం నెగెటివ్ వస్తుంది, ఇంట్లో హమ్మయ్య అనుకుంటారు. పొద్దున లేవగానే మామూలు నీళ్లతో నోరు పుక్కిలించమనండి. ఆరుబయటో, కిటికీ తెరిచి ఉన్న చోటో నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా గాలి పీల్చి, ఛాతీ లోపలి నుంచి దగ్గి, చిక్కగా వచ్చే కళ్లె డబ్బాలో పట్టాలి. అది పచ్చగానో తెల్లగానో జిగటగా ఉంటుంది. మామూలుగా రెండు నమూనాలు అడుగుతారు, అక్కడికక్కడ ఒకటి, పొద్దునది ఒకటి. ఆవిడ దగ్గేటప్పుడు మీరు ఎదురుగా నిలబడకండి.

రెండు విషయాల్లో జాగ్రత్త పడండి. ఒకటి, సోమవారం లోపు మందుల షాపులో అడిగి లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి. దానికి టీబీ క్రిమిని కొంత అణచే గుణం ఉంది. దగ్గు నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి, జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. రెండోది, "రక్తపరీక్షలో టీబీ యాంటీబాడీలు చూస్తాం" అని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి. నమ్మదగని పరీక్ష కాబట్టే దాన్ని 2012లో మన దేశంలో నిషేధించారు.

కళ్లె నెగెటివ్ వచ్చి, మళ్లీ తీసిన ఎక్స్-రేలో జడ నీడ పోయి ఊపిరితిత్తి శుభ్రంగా ఉంటే, దగ్గుకి వేరే కారణాలు డాక్టర్ గారు వెతుకుతారు. కళ్లె నెగెటివ్ వచ్చినా మచ్చ అలాగే ఉంటే, అప్పుడు సీటీ, అవసరమైతే సన్నటి గొట్టంతో గాలిగొట్టాల లోపలికి చూసే బ్రాంకోస్కోపీ. క్యాన్సర్ అన్న మాట చర్చకి రావలసింది అక్కడ, అది కూడా ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూశాకే తేలుతుంది. న్యుమోనియా అని మందులు ఇస్తే, జ్వరం తగ్గిన వారానికే ఎక్స్-రే తీసి "ఇంకా ఉంది" అని కంగారు పడకండి. మనిషి కోలుకున్నాక కూడా ఎక్స్-రేలో నీడ కరగడానికి ఆరు వారాలు పట్టవచ్చు, పెద్ద వయసులో ఇంకా ఎక్కువ. ఆరు వారాల తర్వాత కూడా కరగని నీడని మాత్రం వదలకూడదు.

సోమవారం చేతికొచ్చే రిపోర్ట్‌లో కొన్ని మాటలు భయపెడతాయి, అందుకే ముందే చెబుతున్నాను. "ప్రామినెంట్ బ్రాంకోవాస్కులర్ మార్కింగ్స్" అంటే గాలిగొట్టాలు, రక్తనాళాల గీతలు కొంచెం ఎక్కువగా కనిపిస్తున్నాయని. గాలి సరిగ్గా పీల్చని ఫిల్మ్‌లో అది చాలా మామూలు, దాని పేరు మీద జబ్బేమీ లేదు. "ఫైబ్రోటిక్" అంటే మచ్చగట్టిన గీతలు, ఎక్కువగా పాతవి. "కాక్స్" అని ముందు ప్రశ్నార్థకం పెట్టి రాస్తే టీబీ అనుమానం అని అర్థం, నిర్ధారణ అని కాదు. అడుగున "క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్" అని ఉంటుంది. తప్పించుకోవడానికి రాశారని చాలామంది అనుకుంటారు. నేను రోజూ రాసే మాట అది, మనస్ఫూర్తిగా రాస్తాను. నేను నీడని చూశాను, మనిషిని చూడలేదు, ఆ మనిషిని పరీక్షించిన డాక్టర్ గారు రెండూ కలిపి చూడాలి అని దాని అర్థం. రిపోర్ట్‌లో జడ ప్రస్తావన లేకుండా "ఎడమ పైభాగంలో ఒపాసిటీ", అంటే తెల్లటి నీడ, అని మాత్రమే ఉంటే, జుట్టు ముందుకు ఉందన్న సంగతి మీరే డాక్టర్ గారికి చెప్పండి. రిపోర్ట్ రాసిన మనిషి అమ్మగారిని చూసి ఉండరు.

ఇంకోసారి ఫోటో తీయాల్సి వస్తే ఎలాగో చెబుతాను. ట్యూబ్‌లైట్ వద్దు. కంప్యూటర్లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి వెలుగు పూర్తిగా పెంచి, గదిలో లైట్లు ఆర్పి, ఫిల్మ్ దాని మీద ఆనించి, ఫ్లాష్ లేకుండా ఎదురుగా తీయండి. నాలుగు మూలలూ పడాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. అన్నిటికంటే మేలు, ఎక్స్-రే తీసిన చోట సీడీ గానీ లింకు గానీ అడగడం. యంత్రం నాలుగు వేల పైచిలుకు బూడిద ఛాయలు నమోదు చేస్తుంది, ఫోన్ ఫోటోలో 256 మాత్రమే మిగులుతాయి. లేత మచ్చలు పోయేది అక్కడే. మరో సంగతి, మీ ఫోటో పై మూలన అమ్మగారి పేరు, వయసు, ఆస్పత్రి నంబరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. దయచేసి ఇప్పుడే ఆ ఫోటో తీసేసి, పేరు మీద చిన్న కాగితం ముక్క పెట్టి మళ్లీ పెట్టండి. 'ఆర్' గుర్తు మాత్రం కప్పకండి.

ఈ రెండు రోజుల్లో చూడాల్సింది ఫిల్మ్‌ని కాదు, అమ్మగారిని. కళ్లెలో రక్తం పడినా, కూర్చుని ఉండగానే ఆయాసం వచ్చినా, ఛాతీలో ఉన్నట్టుండి గట్టిగా నొప్పి వచ్చినా, మనిషి మత్తుగా, పొంతన లేకుండా మాట్లాడినా, వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో 94 కంటే తక్కువ చూపిస్తూనే ఉన్నా, రిపోర్ట్ కోసం ఆగకండి, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ ఫిల్మ్ కవరులో పెట్టుకోండి. ఇవేవీ లేకపోతే గది కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. పసిపిల్లలు ఇంట్లో ఉంటే ఫలితం వచ్చేదాకా వాళ్లని వేరే గదిలో పడుకోబెట్టండి. కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు, టీబీ అయినా అది గాలి ద్వారా వచ్చేదే.

అమ్మగారికి చెప్పలేదన్నారు. ఈ రాత్రే కూర్చోబెట్టి చెప్పండి. క్యాన్సర్ మాట ఎత్తకండి, ఎత్తడానికి ఇప్పుడు ఆధారం లేదు. "అమ్మా, దగ్గు మూడు వారాలైంది కదా, రేపు పొద్దున లేవగానే కళ్లె పట్టి ఇవ్వాలట. ఎక్స్-రేలో జడ అడ్డం వచ్చినట్టుంది, జుట్టు పైకి కట్టి ఇంకోసారి తీస్తారట" అంటే చాలు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ మాటల్లోనే జడ సంగతి ఆవిడే చెప్పేస్తారు. ఏం చెప్పారో, సోమవారం రిపోర్ట్‌లో ఏం రాశారో ఇక్కడే రాయండి. పాత ఎక్స్-రే దొరికితే దాన్నీ కొత్తదాని పక్కన పెట్టి పంపండి, రెండూ కలిపి చూస్తాను.